అదే 9 మంది, మూడు జవాబులు: తరగతి సర్వే పట్టికలో షరతుతో కూడిన సంభావ్యత

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. వాళ్ల తరగతిలో 60 మందిని రెండు ప్రశ్నలు అడిగి ఒక పట్టిక తయారు చేశారు. కాలేజీకి బస్సులో వస్తారా లేదా, గత వారంలో ఒక్కరోజైనా ఆలస్యంగా వచ్చారా లేదా అని. "బస్సులో వచ్చేవారిలో ఒకరిని ఎంచుకుంటే, ఆలస్యంగా వచ్చినవారయ్యే సంభావ్యత ఎంత?" అంటే వాడు 9/60 రాశాడు. లెక్చరర్ గారు కొట్టేసి 9/24 అని దిద్దారు. తర్వాత "ఆలస్యంగా వచ్చినవారిలో ఒకరిని ఎంచుకుంటే, బస్సులో వచ్చేవారయ్యే సంభావ్యత ఎంత?" అన్న ప్రశ్నకు వాడు 9/24 రాస్తే అదీ తప్పేనట, 9/12 అట. పైన ఉన్న 9 ఎప్పుడూ అదే కదా, కింది సంఖ్య ఎందుకు మారిపోతోంది? ఏది ఎప్పుడు వేయాలో ఎలా తెలుస్తుంది? నేను లెక్కలు వదిలేసి ఇరవై ఏళ్లయింది, వాడికి చెప్పగలిగేలా వివరించండి. పట్టిక ఇది:

| | ఆలస్యంగా వచ్చారు | సమయానికి వచ్చారు | మొత్తం |
|---|---|---|---|
| బస్సులో వచ్చేవారు | 9 | 15 | 24 |
| బస్సులో రానివారు | 3 | 33 | 36 |
| మొత్తం | 12 | 48 | 60 |

సమాధానం:

మీ అబ్బాయికి లవం ఎప్పుడూ సరిగ్గానే వస్తోంది, హారం దగ్గరే తడబడుతున్నాడు. హారం అంటే, మనం ఏ గుంపులోంచి ఒకరిని ఎంచుకుంటున్నామో ఆ గుంపులో ఉన్నవారి సంఖ్య. తరగతి అంతటిలోంచి ఎంచుకుంటే 60. బస్సువాళ్లను మాత్రమే నిలబెట్టి వాళ్లలోంచి ఎంచుకుంటే 24. ఆలస్యంగా వచ్చినవాళ్లను మాత్రమే నిలబెట్టి ఎంచుకుంటే 12. ఆ 9 మంది మూడు గుంపుల్లోనూ ఉన్నారు, అందుకే లవం మారలేదు. చుట్టూ ఉన్న జనం మారారు, అందుకే హారం మారింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు గణితం చెప్పాను. ఈ పాఠంలో పిల్లలు చేసే తప్పుల్లో పదికి ఎనిమిది ఈ ఒక్కచోటే ఉంటాయి. సూత్రం కంఠస్థం వచ్చినవాళ్లూ ఇక్కడే పడతారు. కాబట్టి సూత్రాన్ని కాసేపు పక్కన పెట్టి పట్టికనే చూద్దాం.

పట్టికలో రెండు రకాల సంఖ్యలున్నాయి. లోపలి నాలుగు గళ్లలో ఉన్నవి 9, 15, 3, 33. ఒక్కో గడిలో రెండు లక్షణాలూ కలిసిన మనుషులున్నారు. 9 అంటే బస్సులోనూ వస్తారు, ఆలస్యంగానూ వచ్చారు. 33 అంటే బస్సులో రారు, ఆలస్యమూ కాలేదు. ఒక విద్యార్థి ఈ నాలుగు గళ్లలో ఏదో ఒకదానిలోనే ఉంటాడు, రెండింటిలో ఉండడు. అంచుల్లో ఉన్నవి 24, 36, 12, 48. వీటిలో ఒక్క లక్షణమే చూస్తాం. 24 మందిలో ఆలస్యమైనవాళ్లూ ఉన్నారు, కానివాళ్లూ ఉన్నారు. మూలన ఉన్న 60 మొత్తం తరగతి. ఇలాంటి పట్టికలో లవం మామూలుగా లోపలి గడిలోంచి వస్తుంది. షరతు ఉంటే హారం అంచులోంచి, షరతు లేకపోతే మూలలోంచి వస్తుంది. మీ అబ్బాయి మొదటి ప్రశ్నకు మూలకు వెళ్లాడు, రెండో ప్రశ్నకు అంచుకు వచ్చాడు కానీ తప్పు అంచుకు వచ్చాడు.

ఇప్పుడు ఇంట్లో ఒక పని చేయండి. 60 చింతగింజలు తీసుకోండి. వాటిలో 24 గింజలకు ఒక పక్క గోళ్లరంగుతో ఎర్ర బొట్టు పెట్టండి, అవి బస్సులో వచ్చేవాళ్లు. ఆ ఎర్ర బొట్టు గింజల్లో 9కి రెండో పక్క సున్నంతో తెల్ల బొట్టు పెట్టండి. ఎర్ర బొట్టు లేని 36లో కూడా 3కి తెల్ల బొట్టు పెట్టండి. తెల్ల బొట్టు ఉన్నవి ఆలస్యంగా వచ్చినవాళ్లు. (మొదటిసారి నేను ఇది తరగతిలో చేసినప్పుడు తెల్ల బొట్లకు బదులు గింజలను అష్టాచమ్మాకు అరగదీసినట్టు అరగదీసి తెచ్చాను. కళ్లు మూసుకుని తీసినా చేతికి చదునుగా తగలడంతో పిల్లలు కావాలని అవే తీసి చూపించారు. అన్ని గింజలకూ సమాన అవకాశం లేకపోతే ఈ లెక్కలన్నీ వృథా అని ఆ రోజు పాఠం చెప్పకుండానే తెలిసిపోయింది.)

అన్ని గింజలూ ఒకే గిన్నెలో వేసి, కళ్లు మూసుకుని ఒకటి తీయమనండి. రెండు బొట్లూ ఉన్న గింజ వచ్చే సంభావ్యత 9/60. ఇక్కడ షరతేమీ లేదు, గిన్నెలో అందరూ ఉన్నారు.

తర్వాత ఎర్ర బొట్టు గింజలన్నీ ఏరి వేరే గిన్నెలో వేయండి. అందులో 24 ఉంటాయి. ఇందులోంచి ఒకటి తీస్తే తెల్ల బొట్టు ఉన్నది వచ్చే సంభావ్యత 9/24, అంటే 3/8. మిగిలిన 36 గింజలు అసలు ఈ గిన్నెలోనే లేవు. అవి చేతికి వచ్చే అవకాశమే లేనప్పుడు వాటిని హారంలో ఎలా లెక్కపెడతాం? మీ అబ్బాయి 9/60 రాసినప్పుడు చేసింది అదే, గిన్నెలో లేని గింజలను కూడా లెక్కపెట్టాడు.

ఇప్పుడు మళ్లీ అన్నీ కలిపేసి, ఈసారి తెల్ల బొట్టు ఉన్నవన్నీ ఏరండి. 12 వస్తాయి. ఈ 12లోంచి ఒకటి తీస్తే ఎర్ర బొట్టు ఉన్నది వచ్చే సంభావ్యత 9/12, అంటే 3/4.

మూడుసార్లూ మనం వెతికింది అవే 9 గింజల కోసం. మొదట దేన్ని చూసి ఏరామన్నదే తేడా. ఎర్ర బొట్టు చూసి ఏరితే ఒక గిన్నె, తెల్ల బొట్టు చూసి ఏరితే వేరే గిన్నె.

గింజలు పరీక్ష హాలుకు తీసుకెళ్లలేరు కదా. అక్కడ స్కేలు చాలు. షరతు "బస్సులో వస్తాడు" అయితే, పట్టికలో రెండో అడ్డు వరుసనూ, కింద ఉన్న మొత్తం వరుసనూ స్కేలుతో మూసేయమనండి. కనబడేది ఒక్క వరుసే: 9, 15, 24. ఈ వరుస తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేదనుకుని జవాబు రాయాలి. షరతు "ఆలస్యంగా వచ్చాడు" అయితే స్కేలును నిలువుగా తిప్పి "సమయానికి", "మొత్తం" నిలువు వరుసలను మూసేయాలి. కనబడేవి 9, 3, 12. స్కేలు అడ్డంగా పెట్టాలా నిలువుగా పెట్టాలా అన్న నిర్ణయమే ఈ లెక్కలో అసలు పని. మిగిలింది భాగహారం.

పుస్తకంలో ఉండే సూత్రం ఇదే విషయాన్ని చెబుతుంది:

P(A | B) = P(A ∩ B) / P(B)

నిలువు గీతను "అని తెలిసినప్పుడు" అని చదవండి. గీతకు కుడివైపు ఉన్నది షరతు, ఎడమవైపు ఉన్నది మనం అడుగుతున్నది. అంటే P(A | B)ని కుడినుంచి ఎడమకు చదవాలి: "B జరిగిందని తెలిసినప్పుడు A జరిగే సంభావ్యత". మన తెలుగు వాక్యంలోనూ షరతే ముందు వస్తుంది, కాబట్టి కుడినుంచి చదివితే వాక్యం సహజంగా కుదురుతుంది. A అంటే ఆలస్యం, B అంటే బస్సు అనుకుంటే, రెండూ కలిసి జరిగే సంభావ్యత P(A ∩ B) = 9/60, P(B) = 24/60. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే రెండు 60లూ కొట్టుకుపోయి 9/24 మిగులుతుంది. పట్టిక చేతిలో ఉన్నప్పుడు ఆ 60ని తెచ్చి మళ్లీ కొట్టేయడం అనవసర శ్రమ. మనుషుల సంఖ్యలు ఇవ్వకుండా సంభావ్యతలు మాత్రమే ఇచ్చిన లెక్కల్లో సూత్రం పనికొస్తుంది.

ఇక మీరు అడిగిన రెండో మాట, ఏది ఎప్పుడు వేయాలో ఎలా తెలుస్తుందని. ఇది లెక్క కన్నా భాషకు సంబంధించిన విషయం. ప్రశ్నను తెలుగులో చదివేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది, రెండు ఉచ్చులున్నాయి.

సౌకర్యం "వారిలో" అనే మాట. "బస్సులో వచ్చేవారిలో ఒకరిని ఎంచుకుంటే" అంటే హారం బస్సువారు. "ఆలస్యంగా వచ్చినవారిలో ఒకరిని ఎంచుకుంటే" అంటే హారం ఆలస్యమైనవారు. "తరగతి విద్యార్థుల్లో ఒకరిని ఎంచుకుంటే" అంటే హారం తరగతి మొత్తం. మనుషుల మీద ఉన్న "లో" ఎవరికి అంటుకుందో వాళ్లే హారం. ప్రశ్నపత్రంలో ఆ "లో" కింద పెన్సిలుతో గీత గీయమని నేను పిల్లలకు చెప్పేవాణ్ని.

మొదటి ఉచ్చు కూడా ఆ "లో"తోనే. "బస్సులో" అన్నప్పుడు కూడా "లో" ఉంది. అది ప్రయాణం చేసే చోటును చెబుతోంది, గుంపును కాదు. "తరగతి విద్యార్థుల్లో ఒకరిని ఎంచుకుంటే, అతను బస్సులో వచ్చి ఆలస్యమైనవాడయ్యే సంభావ్యత ఎంత?" అన్న ప్రశ్నలో రెండు "లో"లు ఉన్నాయి. మొదటిది మనుషుల మీద ఉంది, హారం 60. రెండోది వాహనం మీద ఉంది, దానితో హారానికి పని లేదు. జవాబు 9/60. తొందరలో చదివిన పిల్లలు "బస్సులో" చూడగానే 24 అని రాసేస్తారు.

రెండో ఉచ్చు "తే". షరతు అనగానే మనకు "అయితే", "వస్తే", "తెలిస్తే" గుర్తొస్తాయి. "ఎంచుకున్న విద్యార్థి ఆలస్యంగా వచ్చాడని తెలిస్తే, అతను బస్సులో వచ్చేవాడయ్యే సంభావ్యత ఎంత?" అన్నదానిలో "తెలిస్తే" నిజమైన షరతు, హారం 12. కానీ "ఒక విద్యార్థిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటే" అన్నదానిలో కూడా "తే" ఉంది. ఆ "తే" ఎవరినీ బయటికి పంపలేదు, ఎంపిక జరిగిందని మాత్రమే చెప్పింది. దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ మాట విన్న తర్వాత గిన్నెలోంచి కొన్ని గింజలు తీసి పక్కన పెట్టాల్సి వచ్చిందా? వస్తే అది షరతు. గింజలన్నీ గిన్నెలోనే ఉండిపోతే అది షరతు కాదు, "తే" ఉన్నా సరే.

కొన్ని ప్రశ్నలు మాత్రం రాసినవాళ్ల తప్పు. "బస్సు విద్యార్థి ఆలస్యమయ్యే సంభావ్యత ఎంత?" అని అడిగితే 9/24 అనుకోవడమే న్యాయం, కానీ 9/60 అనుకున్నవాణ్ని నేను పూర్తిగా తప్పుపట్టను. పరీక్షలో ఇలాంటిది వస్తే "బస్సులో వచ్చేవారిలో" అని అనుకుంటున్నట్టు ఒక వాక్యం రాసి జవాబు ఇస్తే దిద్దేవారికి సందేహం ఉండదు.

మీ అబ్బాయి రెండో ప్రశ్నలో చేసిన తప్పు మీద ఇంకొంచెం ఆగుదాం, ఎందుకంటే పెద్దవాళ్లు పత్రికల్లో అంకెలు చదువుతూ చేసే తప్పు కూడా అదే. వాడు 9/24 రాశాడు, రావాల్సింది 9/12. బస్సువారిలో ఆలస్యమైనవారు 3/8, ఆలస్యమైనవారిలో బస్సువారు 3/4. మాటలు అటూ ఇటూ మారినట్టే ఉంటాయి కానీ ఒకటి ఇంకోదానికి రెట్టింపు. "ఆలస్యంగా వచ్చేవాళ్లలో నలుగురికి ముగ్గురు బస్సువాళ్లే" అన్నది నిజం. దాన్ని పట్టుకుని "బస్సులో వచ్చేవాళ్లలో నలుగురికి ముగ్గురు ఆలస్యంగా వస్తారు" అంటే అబద్ధం. బస్సువాళ్లలో సగం కన్నా ఎక్కువమంది, 24లో 15 మంది, వారమంతా సమయానికే వచ్చారు.

ఈ రెండు సంఖ్యలూ ఎందుకు వేరుగా ఉంటాయో తెలియాలంటే పక్క సెక్షన్‌ను ఊహించుకోండి. అక్కడ 80 మంది ఉన్నారు, బస్సులో వచ్చేవాళ్లు 8 మందే, మిగిలిన 72 మంది ఊళ్లోవాళ్లు. ఆలస్యమయ్యే తీరు మాత్రం రెండు సెక్షన్లలో ఒకటే అనుకుందాం. మీ అబ్బాయి తరగతిలో బస్సువారిలో 3/8 వంతు ఆలస్యం, కాబట్టి అక్కడ 8 మందిలో 3. బస్సులో రానివారిలో 3/36, అంటే 1/12 వంతు ఆలస్యం, కాబట్టి 72 మందిలో 6. మొత్తం ఆలస్యమైనవారు 9 మంది. ఇప్పుడు ఆ 9 మందిలో బస్సువారు ముగ్గురే, అంటే 1/3. బస్సువారికి ఆలస్యమయ్యే సంభావ్యత రెండు తరగతుల్లోనూ 3/8గానే ఉంది. కానీ ఆలస్యమైనవారిలో బస్సువారి వంతు 3/4 నుంచి 1/3కి పడిపోయింది. బస్సు మారలేదు, దారి మారలేదు, బస్సెక్కేవాళ్ల సంఖ్య మాత్రమే మారింది. ఒకవైపు షరతును ఇంకోవైపుకు తిప్పాలంటే రెండు గుంపులూ ఎంతెంత పెద్దవో తెలిసి తీరాలి. ముందు ముందు బేయీజ్ సిద్ధాంతం అని ఒక పొడుగాటి సూత్రం వస్తుంది, పిల్లలు దాన్ని చూసి బెదురుతారు. అది చేసే పని ఇదే: ఒక వరుసలో ఉన్న భిన్నాలనూ, గుంపుల పరిమాణాలనూ తీసుకుని పట్టికను మళ్లీ కట్టి, నిలువుగా చదవడం.

ఇప్పుడు పట్టిక చెప్పే ఇంకో సంగతి. తరగతి మొత్తంలో ఆలస్యమైనవారు 12/60, అంటే 1/5. ఒకరు బస్సులో వస్తారని తెలియగానే అది 3/8కి పెరిగింది. బస్సులో రారని తెలిస్తే 1/12కి తగ్గింది. అంటే బస్సు సంగతి తెలియడం వల్ల మన అంచనా మారింది. ఇలా మారితే ఆ రెండు ఘటనలూ స్వతంత్రం కావు అంటాం. తెలిసినా తెలియకపోయినా 1/5 అలాగే ఉండి ఉంటే స్వతంత్రం అనేవాళ్లం. స్వతంత్రమైతే బస్సువారిలో ఎంతమంది ఆలస్యమై ఉండాలి? 24లో అయిదో వంతు, అంటే 4.8 మంది. ముక్కలైన విద్యార్థులుండరు కాబట్టి ఈ మొత్తాలతో పట్టికలో స్వాతంత్ర్యం అచ్చంగా కుదరనే కుదరదు. 5 వచ్చి ఉంటే "దాదాపు స్వతంత్రం" అని నేను ఊరుకునేవాణ్ని. 9 అంటే దానికి దాదాపు రెట్టింపు.

ఇక్కడ పిల్లలు వేసే ఒక తప్పటడుగు చెప్పాలి. బస్సువారిలో 3/8, రానివారిలో 1/12. మొత్తం తరగతికి కావాలంటే రెండూ కూడి రెండుతో భాగిస్తారు. 3/8, 1/12ల సగటు 11/48, అంటే 0.23 దగ్గర. అసలు జవాబు 0.2. తేడా చిన్నదే కాబట్టి ఎక్కడో చిన్న పొరపాటు అనుకుని వదిలేస్తారు, కానీ పద్ధతే తప్పు. 24 మంది గుంపుకూ 36 మంది గుంపుకూ సమానమైన బరువు ఇవ్వకూడదు. 24/60ని 3/8తో గుణిస్తే 9/60, 36/60ని 1/12తో గుణిస్తే 3/60. రెండూ కూడితే 12/60. పక్క సెక్షన్‌లో ఇదే తప్పు చేస్తే మళ్లీ 0.23 వస్తుంది, అక్కడ అసలు జవాబు 9/80, అంటే 0.11. అక్కడ తప్పు దాక్కోదు.

మీరు పట్టికను ఇచ్చారు కాబట్టి దాని పుట్టుక గురించి కూడా ఒక మాట. సర్వే పట్టిక దగ్గరికి రాగానే నేను మొదట చేసేది కూడికలు సరిచూడటం. 9 + 15 = 24, 3 + 33 = 36, 9 + 3 = 12, 15 + 33 = 48, చివరికి 24 + 36, 12 + 48 రెండూ 60 కావాలి. మీ పట్టికలో అవుతున్నాయి. కాకపోతే సాధారణంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, ఎవరో ఒక ప్రశ్నకు జవాబు రాసి రెండోది వదిలేయడం. అలాంటివాణ్ని ఏ గడిలోనూ పెట్టలేం, కానీ అంచు మొత్తంలో కలిపేస్తుంటారు. రెండు, ఒకే మనిషి రెండు గళ్లలో పడటం. "బస్సా, సైకిలా, నడకా?" అని అడిగితే మూడు రోజులు బస్సులో, మూడు రోజులు సైకిలు మీద వచ్చినవాడు రెండింటికీ టిక్కు పెడతాడు. అప్పుడు వరుసల మొత్తం 60 దాటుతుంది, మన గింజల గిన్నె పనిచేయదు. మీ అబ్బాయివాళ్లు "బస్సులో వస్తారా, లేదా" అని అవును, కాదు జవాబులతో అడగడం మంచి పని.

శాతాల్లో ఇచ్చిన పట్టికలతో ఇంకో చిక్కుంది. అందులో మనుషుల సంఖ్యలుండవు, శాతాలే ఉంటాయి, అవి దేనిలో శాతమో చాలామంది రాయరు. మీ పట్టికలో ఆ మొదటి గడినే చూడండి. తరగతి మొత్తంలో అది 15 శాతం, బస్సువారిలో 37.5 శాతం, ఆలస్యమైనవారిలో 75 శాతం. ఒకే గడికి మూడు శాతాలు, మూడూ నిజమే. ఏది ఇచ్చారో తెలుసుకోవాలంటే 100 ఎటువైపు వస్తోందో చూడాలి. అడ్డు వరుసలో కూడితే 100 వస్తే (37.5, 62.5) షరతు బస్సు, అంటే ఆ వరుస పేరు. నిలువు వరుసలో కూడితే 100 వస్తే (75, 25) షరతు ఆలస్యం. లోపలి నాలుగు గళ్లూ కూడితేనే 100 వస్తే (15, 25, 5, 55) షరతేమీ లేదు. 100 ఎటు వస్తే అటే హారం ఉంది.

మరి బస్సు వల్లే ఆలస్యమవుతోందా? పట్టిక ఆ మాట చెప్పలేదు. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. అదే తరగతిని ఇల్లు దూరమా దగ్గరా అని కూడా అడిగామనుకోండి. దూరంగా ఉండేవాళ్లలో బస్సువారు 20 మంది, వాళ్లలో ఆలస్యమైనవారు 8. దూరంగా ఉండి బస్సెక్కనివారు 5 మంది, ఆలస్యమైనవారు 2. అంటే దూరంవాళ్లలో బస్సెక్కినా ఎక్కకపోయినా 2/5 వంతే ఆలస్యమవుతున్నారు. 3/8కీ 1/12కీ మధ్య కనబడిన పెద్ద తేడా ఇక్కడ పూర్తిగా మాయమైంది. దగ్గరివాళ్లలో బస్సువారు 4, వాళ్లలో ఆలస్యం 1. బస్సులో రానివారు 31, ఆలస్యం 1. ఈ సంఖ్యలన్నీ కూడితే మళ్లీ మీ పట్టికే వస్తుంది, సరిచూసుకోండి. అంటే మీ పట్టిక వెనుక ఇలాంటి కథ దాగి ఉండే వీలుంది: బస్సువాళ్లలో ఎక్కువమంది దూరంవాళ్లు, ఆలస్యమయ్యేది ముఖ్యంగా దూరం వల్ల. అయితే దగ్గరివాళ్లలో 1/4కీ 1/31కీ మళ్లీ తేడా కనబడుతోంది కదా అంటారేమో. ఆ 1/4లో హారం నలుగురు. ఒక్క పిల్లవాడు ఆ వారం త్వరగా నిద్రలేస్తే అది సున్నా, ఇంకొకడు ఆలస్యంగా లేస్తే సగం. షరతులు పెంచేకొద్దీ గిన్నెలో గింజలు తగ్గిపోతాయి, భిన్నం కచ్చితంగా వచ్చినా దాన్ని నమ్మి ఏమీ చెప్పలేం.

మీ అబ్బాయికి అర్థమైందో లేదో చూడటానికి ఇదే పట్టిక మీద ఒక ప్రశ్న ఇస్తున్నాను. "ఎంచుకున్న విద్యార్థి సమయానికి వచ్చాడని తెలిస్తే, అతను బస్సులో రానివాడయ్యే సంభావ్యత ఎంత?" జవాబు 33/48, అంటే 11/16. వాడు 33/60 రాస్తే స్కేలు పెట్టనే లేదన్నమాట. 33/36 రాస్తే పెట్టాడు కానీ నిలువుగా పెట్టాల్సింది అడ్డంగా పెట్టాడు, "తెలిస్తే" అన్న మాట ముందు ఏముందో మళ్లీ చదవమనండి. 15/48 రాస్తే హారం సరైనదే, "రానివాడు" అన్నదాన్ని "వచ్చేవాడు" అని చదివాడు. దానికి సంభావ్యత పాఠంతో సంబంధం లేదు.